మెడ మీద సున్నం గాయం, చంకలో ఊదారంగు ట్యాగ్: ఒక కేస్ స్టడీ

పేషెంటు 43 ఏళ్ల మహిళ. గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆమె వచ్చింది రెండు బాధలతో. మెడకు కుడివైపు, కాలర్ ఎముకకు కాస్త పైన నల్లగా మాడిన పుండు. కుడి చంకలో ఉబ్బిపోయి వాసన వేస్తున్న కండ. రెండూ ఇంట్లో చేసుకున్న వైద్యం వల్ల వచ్చినవే. మెడ చుట్టూ, చంకల్లో ఏళ్ల తరబడి ఉన్న చిన్న చిన్న వేలాడే కండలను ఆమె పులిపిర్లు అనుకున్నారు. పులిపిర్లకు మన ఊళ్లలో ఏం చేస్తారో అదే చేశారు.

అవి పులిపిర్లు కావు. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, పైన గరుకుగా, గట్టిగా ఉంటుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఆమెకు ఉన్నవి స్కిన్ ట్యాగ్స్. మెత్తగా ఉంటాయి, సన్నని కాడ మీద వేలాడతాయి, వేలితో కదిపితే అటూ ఇటూ ఊగుతాయి. లోపల వదులుగా అల్లుకున్న కొల్లాజెన్ పోగులు, ఒకటి రెండు సన్నని రక్తనాళాలు, పైన పల్చటి చర్మం, అంతే. అంటుకోవు, క్యాన్సర్‌గా మారవు. పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఎక్కడో ఒకచోట ఉంటాయి. పేర్లు కలిసిపోవడం వల్ల పెద్ద నష్టం ఉండదు. వైద్యాలు కలిసిపోతే మాత్రం ఉంటుంది. పులిపిరి మీద మందమైన పొర ఉంటుంది, ఘాటైన మందును కొంతవరకు తట్టుకుంటుంది. ట్యాగ్ మీద చర్మం కాగితం లాంటిది.

ఏం జరిగిందంటే

మొదటి ట్యాగ్స్ రెండో కాన్పు సమయంలో కనిపించాయట. అంటే పద్నాలుగేళ్ల కిందట. అప్పుడు మెడ మీద మూడో నాలుగో ఉండేవి. గత మూడేళ్లలో బరువు పెరిగింది, ట్యాగ్స్ కూడా బాగా పెరిగాయి. మంగళసూత్రం గొలుసు వాటికి తగులుకుని అప్పుడప్పుడు రక్తం వచ్చేది. పగలంతా మెడలో కొలతల టేపు వేసుకుని ఉంటారు కాబట్టి ఆ రాపిడి వేరు. ఈలోగా ఇంట్లో పెళ్లి దగ్గరపడింది. పట్టుచీర, హారం వేసుకునేలోపు ఇవి పోవాలన్నది ఆమె కోరిక.

పక్కింటి వదిన చెప్పిందని ముందు మెడ మీద ఉన్న ఒక చిన్న ట్యాగ్‌కు తల వెంట్రుక బిగించి కట్టారు. ఐదు రోజులకు అది నల్లబడి ఎండి రాలిపోయింది. నొప్పి పెద్దగా లేదు, మచ్చ కూడా పడలేదు. నా అనుభవంలో ఇలాంటి కేసుల్లో అసలు చిక్కు మొదలయ్యేది ఇక్కడే. మొదటిది సులువుగా పోయేసరికి మిగతావన్నీ అలాగే పోతాయని నమ్మకం కుదిరిపోతుంది.

ఆ ధైర్యంతో కుడి చంకలోని పెద్ద ట్యాగ్‌కు కుట్టుదారం కట్టారు. అదే సమయంలో మెడ మీద పక్కపక్కనే ఉన్న నాలుగింటికి అత్తగారు చెప్పిన మందు పెట్టారు. తాంబూలంలోకి వాడే సున్నం, బట్టల సోడా సమానంగా కలిపి, రెండు చుక్కల నీళ్లు వేసి, అగ్గిపుల్లతో అద్దారు. రాత్రి అద్దుకుని పడుకున్నారు. మొదట కొంచెం దురదగా అనిపించిందట, మంట లేదట. తెల్లవారుజామున చురుకుతో మెలకువ వచ్చి చూసుకుంటే ముద్ద చెమటకు కరిగి మెడ మడతలోకి జారి ఉంది. మంట తగ్గాలని నిమ్మరసం రాశారు. నాలుగో రోజు నా దగ్గరికి వచ్చారు.

పరీక్షలో కనిపించినవి

మెడ మీద సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పున నల్లటి గట్టి పెచ్చు, దాని చుట్టూ ఎర్రటి అంచు. ట్యాగ్స్ నాలుగూ పోయాయి. వాటితోపాటు వాటి మధ్య ఉన్న మంచి చర్మం కూడా పోయింది.

చంకలోది చూడగానే నాకు కథ అర్థమైంది. ఎనిమిది మిల్లీమీటర్ల ట్యాగ్ ఒకటిన్నర సెంటీమీటర్లకు ఉబ్బి ఊదారంగులోకి మారింది. దారం కండలోకి దిగిపోయి బయటికి కనిపించడం లేదు. నొక్కితే చీము, దుర్వాసన. చంకలో ఒక గ్రంథి బిళ్ల కట్టింది. జ్వరం లేదు.

మిగతా ఒళ్లంతా చూశాను. మెడ చుట్టూ ఇరవై ఏడు ట్యాగ్స్, కుడి చంకలో తొమ్మిది, ఎడమ చంకలో ఏడు, రొమ్ముల కింద మడతల్లో ఐదు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ఉంది. దాన్ని మేం అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటాం. ఆమె దాన్ని మురికి అనుకుని కొబ్బరి పీచుతో రుద్దుకుంటున్నారు. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, బీఎంఐ దాదాపు 31. నడుము 96 సెంటీమీటర్లు. మన దేశపు ఆడవాళ్లలో 80 దాటితేనే ఎక్కువగా లెక్కిస్తాం. బీపీ 138/86.

మెడ వెనక, జుట్టు మొదట్లో ఇంకొకటి ఉంది. ఆరు మిల్లీమీటర్లు, నలుపు, కాడ లేదు, చర్మానికి అతికించినట్టు వెడల్పుగా కూర్చుని ఉంది. పెళ్లి పనులు అయ్యాక సున్నం ముద్ద పెట్టాలనుకున్నది దీనికేనట. ఇది ట్యాగ్ కాదు. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మటోస్కోప్‌తో చూస్తే తెల్లటి చిన్న గింజల్లాంటివి, నల్లటి రంధ్రాల్లాంటివి కనిపించాయి. సెబోరిక్ కెరటోసిస్ అనుకున్నాను. అది వయసుతో వచ్చేది, ప్రమాదం లేనిది. కానీ నల్లగా ఉండి, కాడ లేనిదాన్ని కంటితో చూసి తేల్చేయడం నాకిష్టం ఉండదు. దాన్ని తర్వాత తీసి ల్యాబ్‌కు పంపాను. రిపోర్టు కూడా అదే చెప్పింది. ఆమె సున్నం పెట్టి ఉంటే పరీక్షించడానికి ముక్క మిగిలేది కాదు. ఇంట్లో తీసుకోవడంలో అందరూ మచ్చ గురించి ఆలోచిస్తారు. కాలిపోయిందాన్ని ఇక ఏ మైక్రోస్కోప్ కిందా పెట్టలేం అన్న సంగతి ఎవరికీ తట్టదు.

సున్నం, సోడా కలిస్తే

ఈ ముద్ద గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సున్నం విడిగా క్షారమే, సోడా విడిగా క్షారమే. రెండూ నీటిలో కలిస్తే మూడో పదార్థం పుడుతుంది:

```
Ca(OH)2 + Na2CO3 → 2NaOH + CaCO3
```

CaCO3 అంటే సుద్ద. అది తెల్లగా అడుగున ఉండిపోతుంది. నీటిలో మిగిలేది NaOH, అంటే కాస్టిక్ సోడా. మూసుకుపోయిన డ్రైనేజీ పైపులు శుభ్రం చేయడానికి పోసేది అదే. బట్టల సోడా బదులు వంట సోడా కలిపినా కాస్టిక్ సోడా పుడుతుంది. కాబట్టి 'తినేదే కదా, ఏం కాదులే' అన్న మాట ఇక్కడ పనికిరాదు.

యాసిడ్ పడితే చర్మంలోని ప్రొటీన్ గడ్డకట్టి, ఆ గడ్డే చాలావరకు అడ్డుగోడలా నిలబడి యాసిడ్‌ను లోపలికి పోనివ్వదు. క్షారం అలా కాదు. చర్మంలోని కొవ్వును సబ్బుగా మారుస్తుంది, ప్రొటీన్‌ను కరిగిస్తుంది, దారి చేసుకుంటూ కిందికి దిగుతూనే ఉంటుంది. పైగా మొదట్లో నొప్పి తక్కువ. ఈమెకు దురద తప్ప ఏమీ తెలియలేదు, నిద్ర పట్టింది. ఆ నాలుగైదు గంటల్లోనే అసలు నష్టం జరిగింది. ముద్దలో కరగని సున్నం మిగిలి ఉంటుంది కాబట్టి, చెమట తగిలిన కొద్దీ కొత్త క్షారం తయారవుతూనే ఉంటుంది.

ఎవరైనా ఇప్పటికే పెట్టుకుని ఉంటే చేయాల్సింది ఒకటే. పొడి సున్నం కనిపిస్తే ముందు పొడి గుడ్డతో దులిపేసి, ధారగా పడే నీళ్ల కింద కనీసం ఇరవై నిమిషాలు కడగాలి. వెనిగరో నిమ్మరసమో పోసి విరుగుడు చేద్దామనుకోకూడదు. ఆ కలయికలో వేడి పుడుతుంది, కడగాల్సిన సమయం కూడా వృథా అవుతుంది. కంటి దగ్గర పడితే కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి.

దారం ఒకచోట పనిచేసి ఇంకోచోట ఎందుకు తిరగబడింది

ట్యాగ్ కాడలో రక్తం తెచ్చే నాళం ఉంటుంది, తీసుకెళ్లే నాళం ఉంటుంది. తెచ్చే నాళంలో ఒత్తిడి ఎక్కువ, తీసుకెళ్లేదానిలో తక్కువ. మెడ మీది చిన్న ట్యాగ్ కాడ ఒక మిల్లీమీటరు కూడా లేదు. వెంట్రుక బిగిస్తే రెండు నాళాలూ ఒకేసారి మూసుకున్నాయి. రక్తం అందక ఎండి రాలింది. చంకలోదాని కాడ నాలుగు మిల్లీమీటర్ల పైనే ఉంది. ఒంటి చేత్తో, అద్దంలో చూస్తూ కట్టిన ముడి ఒత్తిడి తక్కువగా ఉన్న నాళాన్ని మాత్రమే మూసింది. రక్తం లోపలికి వస్తోంది, బయటికి పోవడం లేదు. అందుకే అది ఎండకుండా ఉబ్బింది. ఊదారంగుకు కారణం అదే. నిలవున్న రక్తం, చంకలో చెమట, దారం చేసిన కోత కలిసి చీము పట్టింది.

కాబట్టి దారం కట్టాక గుర్తుపట్టే తేడా ఒకటుంది. సరిగ్గా పడితే ట్యాగ్ మొదట పాలిపోతుంది, రెండు మూడు రోజుల్లో నల్లబడి చిన్నదవుతుంది. తప్పుగా పడితే ఊదాగా మారి పెద్దదవుతుంది, సలుపుతుంది. రెండోది కనిపిస్తే ఇంకొంచెం బిగిద్దామని ఇంకో ముడి వేయకూడదు. దారం తీయించుకోవాలి.

ముందు గాయాలకు

అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌తో చంకలో మత్తు ఇచ్చి, దారం వెతికి కత్తిరించి, ట్యాగ్‌ను మొదలుకంటా తీసి, రక్తం కారే చోటును కాటరీతో కాల్చి మూశాను. ముక్కను ల్యాబ్‌కు పంపాను. ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజెక్షన్, వారం రోజులకు నోటి యాంటీబయోటిక్ ఇచ్చాను. మెడ మీది పెచ్చును బలవంతంగా పీకలేదు. రోజూ సెలైన్‌తో కడిగి, పెట్రోలియం జెల్లీ మందంగా రాసి, అంటుకోని గాజ్ గుడ్డతో కట్టు కట్టమన్నాను. పెచ్చు రెండు వారాలకు ఊడింది, పుండు పూర్తిగా మూసుకోవడానికి నెల దాటింది. పెళ్లిలో ఆమె హారం వేసుకోలేదు.

ఎందుకు వస్తాయి

కట్టు మార్చడానికి వచ్చిన రోజు ఆమె అడిగారు. 'డాక్టర్ గారూ, గొలుసు తీసేస్తే ఇవి రాకుండా ఉంటాయా?'

'గొలుసు తగలని చంకలో పదహారు ఉన్నాయి కదమ్మా' అన్నాను.

రాపిడి వల్లే ట్యాగ్స్ వస్తాయని చాలామంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. మెడ, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద మడతలు, కనురెప్పలు, ఇవి వచ్చే చోట్లన్నీ చర్మం చర్మానికో గుడ్డకో రాసుకునేవే. కానీ అదే గొలుసు వేసుకున్న లక్షల మందికి రావు. నేను ఇలా అర్థం చేసుకుంటాను. ఎక్కడ రావాలో రాపిడి నిర్ణయిస్తుంది, ఎన్ని రావాలో చాలావరకు ఇన్సులిన్ నిర్ణయిస్తుంది.

బరువు, ముఖ్యంగా పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినప్పుడు కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు. క్లోమం ఊరుకోదు, ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. దాంతో షుగర్ చాలా కాలం మామూలుగానే ఉంటుంది, రక్తంలో ఇన్సులిన్ మాత్రం ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటుంది. చర్మ కణాల మీద కణాలను ఎదగమని చెప్పే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కోసం ఉండే గ్రాహకాలు ఉంటాయి. ఇన్సులిన్ మోతాదు మించినప్పుడు వాటికి కూడా అతుక్కుని చర్మ కణాలను, కొల్లాజెన్ తయారుచేసే కణాలను పెరగమని పురిగొల్పుతుంది. పై పొర మందమైతే నల్లటి మెడ. అడుగు పొర మొలకెత్తితే ట్యాగ్. అందుకే ఈ రెండూ తరచుగా కలిసి కనిపిస్తాయి. నల్లబడటం మురికి కాదు, పీచుతో రుద్దితే ఆ రాపిడికి ఇంకా పెరుగుతుంది.

అన్నిటికీ ఇదే కారణం అనను. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తాయి, వయసుతో వస్తాయి, కొన్ని కుటుంబాల్లో ఎక్కువ. గర్భం సమయంలో హార్మోన్ల వల్ల కూడా వస్తాయి, కొన్ని కాన్పు తర్వాత పోతాయి. అరవై ఏళ్ల మనిషికి మెడ మీద రెండు ట్యాగ్స్ ఉంటే వాటిని చూసి నేను షుగర్ పరీక్ష రాయను. కొద్ది కాలంలోనే చాలా పుట్టుకొచ్చి, మెడ నల్లబడి, నడుము పెరిగి ఉంటే మాత్రం తప్పకుండా రాస్తాను.

ఈమె విషయంలో ఇంకో సంగతి గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది. రెండో కాన్పులో 'షుగర్ కొంచెం ఎక్కువుంది, స్వీట్లు తినకు' అన్నారట. కాన్పయ్యాక ఎవరూ మళ్లీ చూడలేదు, ఆమె కూడా మర్చిపోయారు. వాళ్లమ్మకు షుగర్ ఉంది. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు కాన్పు తర్వాత మూడు నెలల లోపు ఒకసారి, ఆపైన ఒకటి నుంచి మూడేళ్లకోసారి పరీక్ష చేయాలి. పద్నాలుగేళ్లు ఆ పరీక్ష జరగలేదు.

షుగర్ తేల్చడంలో ఒక మెలిక

చీము ఉన్నప్పుడు రక్తంలో గ్లూకోజ్ తాత్కాలికంగా పెరుగుతుంది. అందుకని ఆ రోజు గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ, రక్తం ఎంత ఉందో చెప్పే పరీక్ష మాత్రమే పంపాను. హెచ్‌బీఏ1సీ 6.7 వచ్చింది. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ జబ్బు అని లెక్క. అయితే హిమోగ్లోబిన్ 10.2, ఐరన్ తక్కువ. ఐరన్ లోపంలో ఎర్ర రక్తకణాలు ఎక్కువ రోజులు తిరుగుతూ ఉండటం వల్ల హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. మన దగ్గర రక్తం తక్కువున్న ఆడవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క అంకెను పట్టుకుని జీవితాంతం మందులు మొదలుపెట్టడం సరికాదు.

ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక పరగడుపున గ్లూకోజ్ చూస్తే 118. ఇది మామూలు కాదు, షుగర్ జబ్బు హద్దు అయిన 126 కూడా కాదు. అప్పుడు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూశాం. 212 వచ్చింది. 200 గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బే. రెండు వేర్వేరు పరీక్షలు ఒకే మాట చెప్పాయి కాబట్టి అనుమానం తీరింది. రక్తంలో ఒక రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు కూడా ఎక్కువగా, 198 ఉన్నాయి. ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆయన మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. రాత్రి అన్నం తగ్గించి, సాయంత్రం మిషన్ ఆపి నలభై నిమిషాలు నడవమన్నారు.

మిగతా ట్యాగ్స్

ఆమె అన్నీ ఒకేరోజు తీసేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. సున్నం కాలిన చోట మచ్చ గట్టిపడి పైకి లేస్తోంది. మెడ కింది భాగం, భుజాలు, ఛాతీ మీద మన చర్మానికి కీలాయిడ్, అంటే గాయం మానాక మచ్చ గట్టిగా ఉబ్బి పెరిగే గుణం ఉంటుంది. అందుకని ముందు మూడు ట్యాగ్స్ మాత్రమే తీసి ఆరు వారాలు ఆగి చూశాను. ఆ చోట్ల చిన్న నల్ల చుక్కలు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు మెడ మీద, చంకల్లో మిగతావి రెండు విడతల్లో తీశాను.

పద్ధతి పెద్ద విశేషమేమీ కాదు. లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసిన మత్తు క్రీమ్ రాసి, పైన ప్లాస్టిక్ పొర కప్పి గంట ఆగుతాం. సన్నని కాడ ఉన్నవాటిని ఫోర్సెప్స్‌తో పట్టుకుని వంపు కత్తెరతో చర్మానికి సమంగా కత్తిరిస్తాం. రక్తం చెమర్చితే అల్యూమినియం క్లోరైడ్ అద్దితే ఆగిపోతుంది. కాడ మందంగా ఉంటే సూదితో మత్తు ఇచ్చి రేడియో ఫ్రీక్వెన్సీ యంత్రంతో తీస్తాం. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచిన వెంటనే ఈ యంత్రం వాడకూడదు, అంటుకుంటుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు దీని బదులు కత్తెరే మేలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం కూడా ఉంది గానీ, గోధుమరంగు చర్మం మీద తెల్ల మచ్చ మిగలవచ్చు కాబట్టి మెడ మీద నేను తక్కువ వాడతాను.

తర్వాత వారం రోజులు పెట్రోలియం జెల్లీ, చంకలో డియోడరెంట్ వద్దు, బిగుతు జాకెట్ వద్దు, మెడలో టేపు వద్దు అన్నాను. టేపును మిషన్‌కు వేలాడదీసుకున్నారు.

సున్నం మచ్చకు సిలికాన్ జెల్ షీట్, పైకి లేచిన భాగంలో నెలకోసారి ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాను. నాలుగు సార్లకు మెత్తబడింది. రంగు తేడా ఉండిపోయింది, మధ్యలో తెలుపు, అంచున నలుపు.

మరి ఇంట్లో తీసుకోవచ్చా

నన్నడిగితే చాలావరకు వద్దనే చెబుతాను, అయితే అన్ని పద్ధతులకూ ఒకే స్థాయి ప్రమాదం లేదు.

సున్నం సోడా ముద్ద, నల్లజీడి రసం, అగరుబత్తితో కాల్చడం, వీటికి సురక్షితమైన మోతాదు అనేదే లేదు. నల్లజీడి రసం తగిలిన చోటే కాదు, వేళ్లతో ముట్టుకున్న ప్రతిచోటా బొబ్బలు లేపుతుంది. పులిపిర్లకు అమ్మే శాలిసిలిక్ యాసిడ్ మందు అరచేతి, అరికాలి మందమైన చర్మం కోసం తయారైంది. పల్చటి ట్యాగ్ మీద వేస్తే చుట్టూ ఉన్న చర్మం ముందు ఒలుస్తుంది. వెనిగర్‌లో ముంచిన దూదిని టేపుతో రాత్రంతా అంటించుకుని కాలిపోయి వచ్చినవాళ్లనూ చూశాను. ఆన్‌లైన్‌లో దొరికే సీరమ్‌లు, పెన్నులు కూడా ఇదే కోవ. ట్యాగ్స్, పుట్టుమచ్చలు తీయడానికి షాపులో నేరుగా అమ్మే ఏ మందుకూ అమెరికాలో ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. అక్కడున్న మనవాళ్లు కూడా ఆర్డర్ పెట్టేముందు ఇది చూసుకుంటే మంచిది.

గోళ్ల కత్తెరతో కత్తిరించుకునేవాళ్లు అనుకోని రక్తం చూసి కంగారుపడి వస్తారు. ట్యాగ్ ఎంత చిన్నదైనా మధ్యలో నాళం ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకుంటే సాధారణంగా ఆగుతుంది. మధ్యమధ్యలో తీసి చూస్తుంటే ఆగదు.

దారం ఒక్కటే కాస్త వేరు. కాడ రెండు మిల్లీమీటర్లలోపు ఉండి, అది ట్యాగే అని డాక్టర్ ఒకసారి చూసి చెప్పి ఉంటే, శుభ్రమైన దారంతో గట్టిగా కట్టడం పెద్ద ప్రమాదం కాదు. కొన్ని దేశాల్లో డాక్టర్లే అలా చెబుతారు కూడా. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఇది కూడా చేయకూడదు. కనురెప్ప మీద, జననాంగాల దగ్గర, మలద్వారం దగ్గర ఉన్నవాటిని ఎవరూ ఇంట్లో ముట్టుకోకూడదు. మలద్వారం దగ్గర ట్యాగ్‌లా కనిపించేది చాలాసార్లు వేరే జబ్బు గుర్తు. ఇక రంగు మారుతున్నది, వారాల్లో పెరుగుతున్నది, ఏమీ తగలకుండానే రక్తం కారేది, కాడ లేకుండా నల్లగా ఉన్నది, పట్టుకుంటే గట్టిగా ఉన్నది, వీటిని ట్యాగ్ అనుకోవద్దు, ముందు చూపించుకోవాలి.

ఈమె తనకు షుగర్ ఉందని తెలియకుండానే దారం కట్టుకున్నారు. చాలా ట్యాగ్స్ ఉన్నవాళ్లకే ఇంట్లో తీసుకోవాలన్న ఆత్రం ఎక్కువ. బయటపడని షుగర్ ఉండే అవకాశం కూడా వాళ్లకే ఎక్కువ. దారం గురించి కూడా నేను వెనకాడటానికి అసలు కారణం అదే.

ఆరు నెలల తర్వాత

బరువు 66 కిలోలకు వచ్చింది. హిమోగ్లోబిన్ 12 దాటింది, హెచ్‌బీఏ1సీ 6.1. మెడ వెనక నలుపు సగానికి పైగా తగ్గింది, పీచు వాడటం మానేశారు. తీసినచోట మళ్లీ ఏదీ రాలేదు. పక్కన కొత్తవి మూడు వచ్చాయి. ట్యాగ్స్ వేర్లు వదలవని అంటుంటారు గానీ అలాంటిదేమీ లేదు, కొత్తవి పుట్టే గుణం ఇంకా కొంత మిగిలి ఉందంతే. బరువు తగ్గితే పాతవి రాలిపోతాయని కూడా ఆశపెట్టను. తగ్గేది కొత్తవి పుట్టే వేగం.

పదహారేళ్ల కూతురి మెడ కూడా నల్లబడుతోందని ఈసారి వెంట తీసుకొచ్చారు. ట్యాగ్స్ ఇంకా లేవు. నెలసరి తప్పుతోందంటే గైనకాలజిస్టుకు చూపించమని, పరగడుపు గ్లూకోజ్ చేయించమని రాశాను. తల్లికి రొమ్ముల కింద ఉన్న ఐదు ట్యాగ్స్ అలాగే ఉన్నాయి. ఇబ్బంది పెట్టనివి తీయించుకోవడం ఎందుకన్నారు, నేనూ సరేనన్నాను. మూడు నెలలకు మళ్లీ హెచ్‌బీఏ1సీ.